శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచి నకిరేకల్ బస్సు: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, లైవ్ లొకేషన్ సంగతేంటి?

జొన్నచేను
నమస్తే అందరికీ. నాకు 22 ఏళ్లు. అమీర్‌పేటలో హాస్టల్, దగ్గర్లోనే ఆఫీసు. మా ఊరు నకిరేకల్ నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి. ఇన్నాళ్లూ శనివారం పొద్దున బయల్దేరేదాన్ని. ఇప్పుడు శుక్రవారం సాయంత్రమే వెళ్దామనుకుంటున్నాను, అయితే రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. నాన్న బండి మీద వచ్చి తీసుకెళ్తారు.

నా సందేహాలు ఇవి. ఎంజీబీఎస్‌కి వెళ్లి ఎక్కాలా, మెట్రోలో నేరుగా ఎల్బీ నగర్ వెళ్లి అక్కడ ఎక్కాలా? విజయవాడ సూపర్ లగ్జరీ త్వరగా పోతుంది కదా, అది ఎక్కి బైపాస్‌లో దిగితే నడుస్తుందా? సీటు ఎక్కడ మంచిది? ఇంకోటి, పోయిన వారం పగటిపూట వస్తూ వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడితే చుక్క చిట్యాల దగ్గర ఆగిపోయిందట. ఇంట్లో ఒకటే టెన్షన్. నేనేమో హాయిగా నిద్రపోతున్నాను. అదెందుకు అట్లా అయింది?

హైవేరాజు
సింపుల్. సూపర్ లగ్జరీ ఎక్కు, కిటికీ సీటు తీసుకో, బైపాస్‌లో దిగు. పావుగంటో అరగంటో కలిసొస్తుంది. రాత్రి ఏడున్నర తర్వాత ఆడవాళ్లు చెయ్యెత్తినా, దింపమన్నా ఎక్కడైనా ఆపాలని ఆర్టీసీ వాళ్లే చెప్పారు. డ్రైవర్ కాదంటే ఆ మాట గుర్తు చెయ్యి. లైవ్ లొకేషన్ పెట్టుకుంటే ఇంకేం కావాలి?

టిమ్ మిషన్ తాత
రాజు గారూ, ఏడున్నర మాట నిజమే, కానీ అది గ్రేటర్ హైదరాబాద్‌లో తిరిగే సిటీ బస్సుల సంగతి. విజయవాడ హైవే మీద పోయే సూపర్ లగ్జరీకి దాన్ని పట్టుకుని వాదిస్తే డ్రైవర్ వినడు. నేను ఈ రోడ్డు మీద కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, అందుకే చెప్తున్నా.

అమ్మాయీ, అసలు విషయం బైపాస్‌లో ఉంది. దూరం పోయే బస్సులు నకిరేకల్ ఊళ్లోకి రావు, పైనుంచే పోతాయి. అక్కడ దింపమంటే డ్రైవర్ దయ తలచి ఆపొచ్చు. కానీ ఎక్కడ ఆపుతాడు? వెనక లారీలు వస్తుంటాయి కాబట్టి ఖాళీ దొరికిన చోట ఆపుతాడు. అది ఊళ్లోకి దారి చీలే చోటుకు ముందు కావచ్చు, దాటాక కావచ్చు. మీ నాన్న ఒక పక్క, నువ్వు ఒక పక్క, మధ్యలో డివైడర్. చీకట్లో ఫోన్లో "నేను ఇక్కడున్నా, మీరెక్కడ" అనుకుంటూ ఉంటారు. పగలైతే నవ్వుకునే సంగతి, రాత్రి పది గంటలకు అట్లా కాదు.

ఎక్స్‌ప్రెస్ ఎక్కు. సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ నకిరేకల్ బస్టాండ్‌లోకి వస్తుంది. ఎక్కేటప్పుడు కండక్టర్‌ని ఒక్క మాట అడుగు: "నకిరేకల్ ఊళ్లోకి పోతదా, బైపాస్ మీద పోతదా?" "నకిరేకల్ పోతదా" అని మాత్రమే అడిగితే రెండింటికీ "పోతది" అనే చెప్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. బస్సు కదలక ముందే అడగాలి. చౌటుప్పల్ దాటాక అడిగితే లాభం లేదు.

పద్మక్క_చిట్యాల
తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను టీచర్‌ని, ఈ రోడ్డు మీద ఏళ్లుగా తిరుగుతున్నా. ఎక్స్‌ప్రెస్ అయితే మహాలక్ష్మి కింద టికెట్ డబ్బులు కూడా ఉండవు. సూపర్ లగ్జరీలో ఆ పథకం లేదు. ఆధార్ కార్డు అసలుదే దగ్గర పెట్టుకో చెల్లీ, ఫోన్లో ఫొటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు.

ఎక్కడం మాత్రం ఎంజీబీఎస్‌లోనే ఎక్కు. ఎల్బీ నగర్‌లో ఎక్కితే మెట్రో దిగి వెంటనే బస్సు దొరుకుతుంది అనిపిస్తుంది. కానీ శుక్రవారం సాయంత్రం అక్కడికి వచ్చేసరికే ఎక్స్‌ప్రెస్‌లు నిండి ఉంటాయి. 2023 డిసెంబర్‌లో ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి రద్దీ ఇంకా పెరిగింది. రోడ్డు పక్కన తోసుకుంటూ ఎక్కి, చౌటుప్పల్ దాకా నిలబడి పోవాలి. నిలబడ్డప్పుడే కదా మనకు ఎక్కువ ఇబ్బంది. సీటు ఎంచుకునే మాటే ఉండదు, దొరికిన కమ్మీ పట్టుకుని నిలబడడమే.

అమీర్‌పేట నుంచి ఎంజీబీఎస్‌కి మెట్రో నేరుగా ఉంది, అదే ఎర్ర లైను. ఎల్బీ నగర్ వెళ్లేది కూడా ఆ రైలే, మధ్యలో దిగిపోవడమే తేడా. దిగి బస్టాండ్‌లోకి నడిచి వెళ్లొచ్చు. బస్సు అక్కడే బయల్దేరుతుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కి కూర్చోవచ్చు.

స్లీపర్ బెర్త్
నేను బెంగళూరు నుంచి ప్రైవేట్ స్లీపర్‌లో వస్తుంటాను. ఆడపిల్లలు కింది సింగిల్ బెర్త్ బుక్ చేసుకోవాలి, పై బెర్త్ వద్దు. ఒకసారి నన్ను పొద్దున నాలుగింటికి ఊరి బయట ఫ్లైఓవర్ కింద దింపేశారు. టికెట్‌లో రాసిన స్టాప్ వేరు, దింపింది వేరు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాబట్టి స్లీపర్ బుక్ చేసేముందు రేటింగ్ చూసుకోండి.

పద్మక్క_చిట్యాల
అమ్మా, తను అడిగింది మూడు గంటల ఎక్స్‌ప్రెస్ ప్రయాణం. అందులో బెర్త్‌లు ఎక్కడివి 😀 కానీ మీరు చెప్పిన "రాసిన స్టాప్ వేరు, దింపింది వేరు" అన్నది ఇక్కడా పనికొచ్చే మాటే.

జొన్నచేను
థాంక్యూ అక్కా, తాతగారూ. బైపాస్ ఆలోచన మానుకున్నా. మరి సీటు? రాజు గారు కిటికీ అన్నారు. మా హాస్టల్లో అమ్మాయిలు మాత్రం కిటికీ వద్దంటారు.

హైవేరాజు
కిటికీ పక్కన అయితే ఒకవైపు మాత్రమే మనిషి ఉంటాడు కదా. లాజిక్.

పద్మక్క_చిట్యాల
పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది తమ్ముడూ. పక్కన ఆడమనిషి ఉంటే కిటికీ సీటు బంగారం. పక్కన మగమనిషి కూర్చుంటే అదే సీట్లో ఇరుక్కుపోతాం. లేవాలంటే అతను కాళ్లు తియ్యాలి. అంచు సీటులో అయితే ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లిపోవచ్చు, కానీ నడవలో నిలబడ్డ వాళ్లు భుజం మీద వాలుతుంటారు. ఏ సీటుకైనా ఏదో ఒకటి ఉంటుంది.

నేను చేసేది చెప్తా. ఖాళీ బస్సు ఎక్కగానే ఖాళీ సీటు వెతకను. ముందు వైపు ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి ఎవరున్నారా అని చూస్తా. ఆమె పక్కన కూర్చుంటా. "ఎక్కడ దాకా అక్కా" అని అడుగుతా. సూర్యాపేట అంటే ఇంకేం, నేను దిగేదాకా ఆ సీటు మారదు. చౌటుప్పల్ అంటే అక్కడ సీటు ఖాళీ అవుతుందని ముందే తెలుస్తుంది. అప్పుడు నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరినో ఒకరిని నేనే పిలిచి కూర్చోబెడతా.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. కిటికీకీ సీటుకీ మధ్య సందు ఉంటుంది. వెనక సీటు నుంచి చెయ్యి వచ్చేది ఆ సందులోంచే. నిద్రలో ఉన్నప్పుడు మొదట ఏదో తగిలిందనుకుంటాం. బ్యాగు ఒళ్లో కాకుండా ఆ సందులోకి తోసి పెట్టుకో. అసలు వెనక సీట్లో కూడా ఆడవాళ్లే ఉన్న వరుస అయితే ఇంకా నయం.

టిమ్ మిషన్ తాత
కండక్టర్ చూపు ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా మంచి సీటు. టికెట్లు కొట్టడం అయిపోయాక కండక్టర్ తన సీట్లో కూర్చుంటాడు. లోపలి లైట్లు ఆర్పేస్తారు, లేకపోతే అద్దం మీద వెలుగు పడి డ్రైవర్‌కి రోడ్డు కనపడదు. అప్పుడు వెనక ఏం జరుగుతున్నదీ ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు నుంచి రెండో వరుస మొదలు నాలుగైదు వరుసల్లోపు కూర్చో. స్త్రీలకు అని రాసిన సీట్లలో మగవాళ్లు కూర్చుంటే కండక్టర్‌తో లేపించు, నువ్వు గొడవ పడకు. లేపడం మా డ్యూటీ.

ఎవడైనా పిచ్చి వేషాలు వేస్తే చెవిలో చెప్పినట్టు చెప్పకు. లేచి నిలబడి గట్టిగా "కండక్టర్ గారూ, లైట్ వెయ్యండి" అను. ఆ ఒక్క మాట చాలు. లైటు పడగానే బస్సంతా తిరిగి చూస్తుంది. సగం మంది చెయ్యి అక్కడే వెనక్కి పోతుంది. అప్పటికీ ఆగకపోతే బస్సును పోలీస్ స్టేషన్ దగ్గరికి పోనిచ్చిన రోజులున్నాయి.

జొన్నచేను
"లైట్ వెయ్యండి" అన్నది బాగుంది. ఏమైందో అందరి ముందూ వివరించాలంటేనే నాకు నోరు రాదు.

మ్యాప్‌పిచ్చోడు
చుక్క ఆగిపోయిన సంగతి నేను చెప్తా, అది నా ఏరియా. మీది ఏ ఫోనో రాయలేదు కానీ ఆండ్రాయిడ్ అనుకుంటున్నా. మూడు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. బ్యాటరీ తగ్గాక ఫోన్ దానంతటదే బ్యాటరీ సేవర్‌లోకి వెళ్లి, వెనక నడిచే యాప్‌లను ఆపేసి ఉండొచ్చు. లేదా మీరు పడుకునే ముందు యాప్‌లన్నీ తుడిచి క్లోజ్ చేసి ఉండొచ్చు. లేదా అక్కడ కాసేపు డేటా సిగ్నల్ పోయి ఉండొచ్చు. కొన్ని కంపెనీల ఫోన్లు స్క్రీన్ ఆరిపోగానే వాట్సాప్‌ను పడుకోబెడతాయి.

సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కి లొకేషన్ అనుమతి Allow all the time అని ఉండాలి. బ్యాటరీ దగ్గర Unrestricted పెట్టండి. ఫోన్‌ని బట్టి ఈ పేర్లు కొంచెం మారతాయి.

తర్వాత వ్యవధి. వాట్సాప్‌లో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు, ఈ మూడే ఉంటాయి. చాలామంది గంట పెడతారు. మీ ప్రయాణానికి గంట అంటే పెద్ద అంబర్‌పేట దాటకముందే ఆగిపోతుంది, అదీ సరిగ్గా చీకటి పడ్డాక. 8 గంటలు పెట్టి, ఇంటికి చేరాక మీరే ఆపెయ్యండి. ఆపకపోతే అర్ధరాత్రి దాటాక కూడా పోతూనే ఉంటుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఇంట్లో వాళ్లకు నేర్పాల్సింది. చుక్క కదలకపోతే దాని కింద ఎప్పటి సమాచారమో చూడాలి. ఇప్పుడిప్పుడే అప్‌డేట్ అయి, చుక్క అక్కడే ఉంటే బస్సు ఆగింది అని అర్థం, టోలో ట్రాఫికో. అప్‌డేట్ అయి ఇరవై నిమిషాలు దాటితే ఆగింది ఫోన్, బస్సు కాదు. మొదటిదానికి ఓపిక పట్టాలి. రెండోదానికి మామూలు ఫోన్ చెయ్యాలి, వాట్సాప్ కాల్ కాదు. డేటా లేని చోట కూడా మామూలు కాల్ వెళ్తుంది.

కూతురి నాన్న
నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు కోదాడ నుంచి వస్తుంటుంది. ఆ చుక్కను చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో మీకు తెలియదు బాబూ. పంతంగి టోల్ దగ్గర పది నిమిషాలు ఆగితే నాకు బీపీ పెరుగుతుంది. అప్‌డేట్ టైమ్ చూడమంటున్నారు, ఆ మాట మాత్రం ఇవాళే తెలిసింది. గూగుల్ మ్యాప్స్‌లో పెడితే పిల్ల ఫోన్లో ఛార్జింగ్ ఎంతుందో కూడా కనిపిస్తుందని మా చిన్నది చెప్పింది. నిజమేనా?

మ్యాప్‌పిచ్చోడు
నిజమే అండీ, గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్‌లో అవతలి ఫోన్ బ్యాటరీ శాతం కనిపిస్తుంది. ఫోన్ ఆగితే ఛార్జింగ్ అయిపోయిందేమో అని ఊహించుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూడొచ్చు. అది అమ్మాయి ఫోన్ మీద ఆధారపడదు. కాకపోతే ట్రాకింగ్ పరికరం ఉన్న బస్సులే అందులో కనిపిస్తాయి. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఉంటాయని అనుకోవద్దు.

ఉమ_వరంగల్
ఒక మాట అడగనా? ఇదంతా భద్రత కోసమేనా, కాపలా కోసమా? మా అన్నయ్యకు లొకేషన్ పెడితే "దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై నిమిషాలు ఎందుకు ఆగావు" అని అడుగుతాడు. ఫ్రెండ్‌తో టీ తాగాను, నా ఇష్టం. అప్పటి నుంచి పెట్టడం మానేశా. బస్సు నంబర్ మెసేజ్ చేస్తా, దిగాక ఫోన్ చేస్తా. అంతే.

కూతురి నాన్న
అన్నయ్య అడిగింది తప్పే అనుకో అమ్మా. కానీ రాత్రిపూట పూర్తిగా మానేస్తే ఎట్లా?

పద్మక్క_చిట్యాల
ఎవరికి పెట్టాలో మనం తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే పెద్దమ్మ, బాబాయి, అత్తయ్య అందరూ డిటెక్టివ్‌లే. అందరూ చూస్తారు, అవసరమైనప్పుడు ఎవరూ కదలరు. ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకుంటారు. బస్టాండ్‌కి వచ్చే మనిషి ఒకరు, వెనక హాస్టల్లో ఒక స్నేహితురాలు. ఇద్దరికి చాలు. హాస్టల్ దాటాక కాకుండా, బస్సు కదిలాక ఆన్ చెయ్యి. అంతకుముందు ఎక్కడ టీ తాగితే ఎవరికెందుకు.

ఉమ_వరంగల్
బస్సు కదిలాక ఆన్ చేస్తే ఓకే అనిపిస్తోంది. అన్నయ్యకు కాదు, అమ్మకు.

బెజవాడ భారతి
మాకు ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఎక్స్‌ప్రెస్‌ల దాకా ఉచితం వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడా ఇదే కథ, బస్సులో ఆడవాళ్లు ఎక్కువ. సాయంత్రం ఒంటరిగా వెళ్లేవాళ్లకు అది ఒక రకంగా ధైర్యమే. ముందు సగమంతా మనవాళ్లే ఉంటారు.
బస్సు నంబర్ గురించి ఒక మాట. ఎక్కే ముందే నంబర్ ప్లేట్ ఫొటో తీసి పంపండి. ఆర్టీసీ బస్సుల నంబర్‌లో Z ఉంటుంది. ఆర్టీసీ రంగులు వేసుకుని తిరిగే ప్రైవేట్ బండిని గుర్తుపట్టడానికి కూడా పనికొస్తుంది.

టిమ్ మిషన్ తాత
అద్దె బస్సులు కూడా ఉంటాయమ్మా. ప్రైవేట్ ఓనరువి, ఆర్టీసీ నడుపుతుంది. వాటి నంబర్‌లో Z ఉండకపోవచ్చు. Z లేదని దిగిపోకండి. కండక్టర్ చేతిలో టికెట్ మిషన్ ఉందా, టికెట్ మీద డిపో పేరు వచ్చిందా చూడండి.

జొన్నచేను
పోలీసుల యాప్ ఏదో ఉందంటున్నారు, ప్రయాణాన్ని వాళ్లే గమనిస్తారట. ఎవరైనా వాడారా?

హైవేరాజు
టీ-సేఫ్. యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, స్మార్ట్‌ఫోన్ లేకపోతే పని చెయ్యదు.

ఉమ_వరంగల్
యాప్ లేకుండా కూడా పని చేస్తుంది. 100కి ఫోన్ చేసి 8 నొక్కాలి. తెలంగాణ పోలీసులు 2024లో తెచ్చారు. నేను ఆటోలో వెళ్లేటప్పుడు వాడాను. మధ్యలో క్షేమమేనా అని వాకబు చేస్తారు. మనం జవాబివ్వకపోతే వాళ్లే ఫోన్ చేస్తారు. బస్సులో నలభై మంది మధ్య దాని అవసరం తక్కువే అనిపించింది. దిగాక ఆటో ఎక్కాల్సి వస్తే మాత్రం వాడండి.

పద్మక్క_చిట్యాల
సరే, చెల్లి శుక్రవారం ప్రయాణాన్ని ఒకసారి వేసి చూద్దాం. ఆఫీసు నుంచి ఐదున్నర, పావు తక్కువ ఆరుకి బయటపడితే ఆరున్నర లోపు ఎంజీబీఎస్‌లో ఉంటావు. ఆరు నలభై ఐదుకి బస్సు కదిలిందనుకో. ఎల్బీ నగర్ ఏడుంబావు. హయత్‌నగర్ దగ్గర శుక్రవారం ట్రాఫిక్ తప్పదు, పెద్ద అంబర్‌పేట దాటేసరికి ఎనిమిది. చౌటుప్పల్ ఎనిమిదిన్నర. నార్కట్‌పల్లి తొమ్మిదీ పది. నకిరేకల్ తొమ్మిదిన్నర నుంచి పది లోపు.

ఇందులో నాన్నకు కావాల్సింది ఒక్కటే కబురు, నార్కట్‌పల్లి. బస్సు అక్కడి బస్టాండ్‌లోకి రాగానే "నార్కట్‌పల్లి" అని మెసేజ్ పెట్టు, లేదా మిస్డ్ కాల్ ఇవ్వు. ఆయన అప్పుడు ఇంట్లో బయల్దేరితే ఆరు కిలోమీటర్లు వచ్చి నీకంటే ముందే బస్టాండ్‌లో ఉంటారు. రెండు గంటలు చుక్కను చూడక్కర్లేదు. నువ్వు దిగే సమయానికి మనిషి అక్కడ ఉన్నాడా లేదా, అంతే. లొకేషన్ ఆగిపోయినా ఈ పద్ధతి ఆగదు.

నిద్రపడితే ఎట్లా అంటావేమో. తొమ్మిదికి అలారం పెట్టుకో. కొర్లపహాడ్ టోల్ కనపడిందంటే నకిరేకల్ దాటిపోయినట్టే. అప్పుడు కంగారుపడి టోల్ దగ్గర దిగకు. సూర్యాపేట దాకా పోయి బస్టాండ్‌లో దిగు, నాన్నని అక్కడికే రమ్మను.

టిమ్ మిషన్ తాత
దానికి ఒకటి కలుపుతా. నార్కట్‌పల్లిలో ఎక్కే జనం లేకపోతే, ఆలస్యమైన రోజు ఏ డ్రైవర్ అయినా నకిరేకల్ ఊళ్లోకి పోకుండా పైనుంచి పోదామని చూస్తాడు. "బైపాస్‌లో దింపుతాం, పర్వాలేదు కదా" అని అడుగుతారు. పర్వాలేదు అనకు. "మా నాన్న బస్టాండ్‌లో ఉన్నాడు, ఊళ్లోకి పోవాలి" అను. అడిగే హక్కు నీకుంది, అది బస్సు షెడ్యూల్‌లో ఉన్న స్టాపు. ఎంత చెప్పినా వినకపోతే నార్కట్‌పల్లి బస్టాండ్‌లోనే దిగిపో. అక్కడ డిపో ఉంది, సిబ్బంది ఉంటారు, హైవే మీద పెద్దాసుపత్రి ఉంది కాబట్టి రాత్రిపూట మనుషుల అలికిడి ఉంటుంది. తర్వాతి బస్సు ఎక్కొచ్చు, లేదా నాన్న వస్తారు. బైపాస్ కంటే అదే నయం.

కూతురి నాన్న
తాతగారూ, డ్రైవర్ అట్లా చేస్తే ఫిర్యాదు ఎవరికి?

టిమ్ మిషన్ తాత
టికెట్ మీదున్న డిపో మేనేజర్‌కి. టికెట్ పారెయ్యొద్దు, సున్నా టికెట్ అయినా సరే. తారీఖు, టైమ్ అందులోనే ఉంటాయి. ఫిర్యాదు చేస్తే అడుగుతారు, నాకు తెలుసు. అయితే ప్రతిసారీ చర్య తీసుకుంటారని మాట ఇవ్వలేను.

హైవేరాజు
సరే, బైపాస్ విషయంలో ఒప్పుకుంటా. కానీ కిటికీ సీటు మాట మీద నేను ఇంకా నిలబడతా.

పద్మక్క_చిట్యాల
నిలబడు నాయనా, ఎల్బీ నగర్‌లో ఎక్కితే ఎలాగూ నిలబడాలి 😀

జొన్నచేను
😂 అందరికీ చాలా థాంక్స్. నాన్నకు ఫోన్లో చదివి వినిపించా. నార్కట్‌పల్లి మెసేజ్ పద్ధతి ఆయనకు బాగా నచ్చింది, చుక్క చూడడం రాదని ముందే గొణుగుతున్నారు. మ్యాప్‌పిచ్చోడు గారూ, బ్యాటరీ సెట్టింగ్ మార్చాను, నిజంగానే ఆంక్షలో ఉంది.
ఇంకొక్కటి అడుగుతా. ఆదివారం తిరుగు ప్రయాణంలో రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ చేరితే ఎంజీబీఎస్ దాకా రావాలా, ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో పట్టుకోవాలా?

పద్మక్క_చిట్యాల
వచ్చేటప్పుడు ఎల్బీ నగర్. దిగేటప్పుడు సీటు బెంగ లేదు కదా. పదిన్నర లోపు స్టేషన్‌లో ఉండేట్టు చూసుకో. ఆలస్యమైతే మాత్రం ఎంజీబీఎస్ దాకా వచ్చెయ్, రోడ్డు మీద ఆటో బేరం కంటే బస్టాండ్ లోపల ఉండి క్యాబ్ బుక్ చేసుకోవచ్చు.

ఉమ_వరంగల్
నేనైతే ఆలస్యమైనా ఎల్బీ నగర్‌లోనే దిగుతా. ఆ టైమ్‌లో ఎంజీబీఎస్ బయట క్యాబ్ కోసం నిలబడడం నాకు నచ్చదు. ఇక్కడ మీరూ నేనూ కలవం అక్కా.